తడి గోనె

చిక్కడపల్లిలో జగదీశ్వర్ గారు తొంగిచూడని వంటిల్లు లేదు. అలాగని ఆయన వంటమనిషి కాదు, పాపం, సొంతంగా టీ పెట్టుకోవడం కూడా రాదు. కానీ ఎక్కడ పొయ్యి మండుతున్నా సరే, ఆగి, లోపలికి తల పెట్టి, "రబ్బర్ పైపు ఎప్పుడు మార్చినవ్?" అని అడగందే కాలు కదపరు. ముప్పై ఏళ్లు గ్యాస్ ఏజెన్సీలో పనిచేసి రిటైరైన మనిషి. బస్తీకి వెళ్లడం, జనాన్ని పోగుచేయడం, సిలిండర్ మూతి దగ్గర మంట పెట్టి, తడి గోనెసంచి కప్పి ఠక్కున ఆర్పి చూపించడం ఆయన ఉద్యోగంలో ఒక భాగం. ఆర్పిన ప్రతిసారీ జనం చప్పట్లు కొట్టేవారు. ముప్పై ఏళ్ల చప్పట్లంటే మాటలా! ఆ రుచి మరిగిన మనిషి రిటైరయ్యాక మాత్రం ఊరుకుంటాడా?

ఊరుకోలేదు. ఏడు ఇనప బకెట్లు కొని, ఎర్ర రంగు వేయించి, వాటి మీద తెల్లటి అక్షరాలతో 'ప్రాణరక్ష' అని తన చేత్తో తానే రాశారు. ప్రతి బకెట్లో నిండా నీళ్లు, నీళ్లలో ఒక గోనెసంచి. ఒక బకెట్టు తన ఇంటి వెనక రేకుల షెడ్డులో, అంటే భార్య నళిని పిండివంటలు చేయించి అమ్మే చోట పెట్టారు. మిగతా ఆరూ అశోక్‌నగర్‌లో కోచింగ్ పిల్లలు తినే మెస్సులకు, నారాయణగూడలో కర్రీ పాయింట్లకు పంచిపెట్టారు. ఇచ్చిన చోటల్లా ఒకటే పాఠం.

"ఏ మంటన్న గానీ, భయపడొద్దు. తడి గోనె తీసుకోవాలె, మీద కప్పాలె. అంతే. ఖతం."

ఏ మంటన్న గానీ, అన్నారు. గ్యాస్ మంట, అనలేదు. ఒక్క మాట తేడా. ఆ తేడా సంగతి ఆయనకే తెలియదు.

పోయిన ఎండాకాలం అశోక్‌నగర్ మెస్సులో ఈదయ్య అనే వంటమనిషి మూకుట్లో నూనె అంటుకుంది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి, కూలి పని మానుకుని, కష్టపడి వంట నేర్చుకున్న మనిషి. సారు చెప్పినట్టే గోనె తీశాడు, మీద వేశాడు. మంట కప్పు దాకా లేచింది. రెండు చేతులూ మోచేతుల దాకా కాలిపోయాయి. నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. వేళ్లు ముడుచుకుపోయి, మళ్లీ చాచడానికి రాలేదు.

జగదీశ్వర్ గారు బత్తాయిలు పట్టుకుని చూడబోయారు. మంచం పక్కన కూర్చుని, ఎంతో దయగా, "ఈదయ్యా, నిజం చెప్పు. సంచి మొత్తం తడిసిందా? యాడన్న ఎండు మూల మిగిలిందా?" అని అడిగారు.

"ఏమో సారూ... తొందరల సూడలే..."

"అదే మరి! ఎండు గోనె అంటుకోకుంటే ఏమైతది? ఇంకోసారి మంచిగ తడుపు."

కట్లు కట్టిన చేతులు గుండెకు ఆనించుకుని, ఈదయ్య సరేనని తలాడించాడు. ఆ తర్వాత జగదీశ్వర్ గారు చెప్పిన ప్రతి పాఠంలోనూ ఈదయ్య పేరు వచ్చేది. 'సంచి సరిగ్గా తడపకపోతే ఏమైతదో ఈదయ్యను అడుగుండ్రి' అనేవారు. మెస్సు ఓనరు రాజశేఖర్ కూడా అదే మాట పట్టుకుని, అజాగ్రత్త మనిషికి మళ్లీ పొయ్యి అప్పజెప్పేది లేదన్నాడు. ఈదయ్య నారాయణగూడలో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. అతని భార్య కురుమమ్మకు మాత్రం జగదీశ్వర్ గారే నళినితో చెప్పి షెడ్డులో పని ఇప్పించారు. మంచి మనిషే, ఎవరు కాదన్నారు? మంచి మనిషి కావడంతోనే ఆయన మాట అందరూ నమ్మారు.

శ్రావణమాసం. మూడు రోజులుగా ముసురు పట్టి వదలడం లేదు. విద్యానగర్‌లో ఎవరింట్లోనో ఆడపిల్లకు ఒడిబియ్యం పోస్తున్నారట, మూడు వందల సకినాలు కావాలన్నారు. నాలుగు గంటలకు మనిషి వస్తాడు. సకినం అంటే తడి బియ్యప్పిండి. నువ్వులు, వాము కలిపి, పొడి బట్ట మీద చుట్లు చుట్లుగా అల్లి వదిలేస్తే, బట్ట ఆ తడిని పీల్చుకోవాలి. అప్పటిదాకా నూనెలో వేయకూడదు. ఈ ముసురులో బట్టే చెమ్మగా ఉంటే ఇక అది పీల్చేదేముంది?

కురుమమ్మ ఒక సకినం అంచు కింద వేలు పెట్టి చూసింది. పిండి వేలికి అంటుకుంది.

"అమ్మా, ఇంకా పచ్చిగనే ఉన్నయ్. ఫ్యాను కింద ఒక గంట ఉండనియ్యుండ్రి. ఇట్లనే ఏస్తే పేలుతయ్."

"గంటనా? రెండున్నర అయింది కురుమమ్మా! ఆయన నాలుగింటికి వచ్చి మొత్తుకుంటడు," అంది నళిని. నళినికి మాట పోవడమంటే ప్రాణం పోయినంత పని. పన్నెండేళ్లలో ఒక్క ఆర్డరూ ఆలస్యం చేయలేదని పేరు.

గుమ్మం దగ్గర కుర్చీలో పేపరు చదువుతున్న జగదీశ్వర్ గారు కళ్లజోడు మీది నుంచి చూశారు. మూకుట్లో నూనె సగానికి కాస్త తక్కువగా ఉంది. ఎనిమిదేసి సకినాలు పడుతున్నాయి. ఆయనకు ఉపాయం తట్టింది. ఆయనకు ఉపాయం తట్టిందంటే ఎవరో ఒకరు భరించాల్సిందే.

"ఎనిమిదేంది, ఎనిమిది? గింత పెద్ద మూకుడు పెట్టుకొని! నూనె ఇంకింత పొయ్యి. వాయికి పదిహేను వేస్తే అయిపోతది గద!"

"సగానికి మీద పొయ్యొద్దు సారూ. తడి సకినం పడితే పొంగుతది. పొంగెటందుకు పైన జాగ ఉండాలె," అంది కురుమమ్మ.

"పొంగడానికి ఇవి పాలా?" అని నవ్వి, లేచి వచ్చి, రెండు నూనె ప్యాకెట్లు తనే కత్తిరించి పోసేశారు. నూనె అంచుకు మూడు వేళ్ల దూరం దాకా వచ్చింది. మంట పెంచారు. చేతులు తుడుచుకుని, చూశావా అన్నట్టు నళిని వైపు చూసి, మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

కురుమమ్మ కాదనగలిగిన చోటా అది? నూనె కాగి, పైన సన్నగా పొగ కదులుతోంది. ఆమె మంట తగ్గించబోయింది. ఒక్కో సకినాన్ని మూకుడు అంచు నుంచి, తనకు అవతలి వైపుకు జారవిడవడం ఆమె పద్ధతి. కానీ నళిని అప్పటికే పదిహేను సకినాలు పేర్చిన పళ్లెం ఎత్తేసింది.

"నువ్వు ఒక్కొక్కటి వేస్తే తెల్లారుతది, జరుగు," అంటూ పళ్లెం మొత్తం ఒక్కసారే వంచేసింది.

అయ్యో, ఆ చప్పుడు! రేకుల కప్పు మీద రాళ్లవాన పడ్డట్టు చిటపటలాడింది. పిండిలోని తడి నూనెను ఎగదన్నింది. కురుమమ్మ నళిని భుజం పట్టి వెనక్కి లాగింది, చిందిన నూనె తన ముంజేతి మీదే పడింది. తెల్లటి నురగ బుసబుసా పైకి లేచి, అంచు దాటి, మూకుడు చుట్టూ కారి బర్నర్ మీద పడింది. పడడమే ఆలస్యం, మంట మూకుడు వెంట పాకి పైకెక్కింది. నూనె మొత్తం అంటుకుంది. షెడ్డంతా పసుపు వెలుగు. నళిని నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

జగదీశ్వర్ గారి చేతిలో పేపరు ఎప్పుడు జారిందో ఆయనకే తెలియదు. ముప్పై ఏళ్లుగా ఊరందరికీ చెప్పిన పాఠం, ఇవాళ తన ఇంట్లో, తన భార్య ముందు. ఆయన భయపడలేదు. ఇది నిజం, ఒక్క క్షణం కూడా భయపడలేదు. ఎర్ర బకెట్లోంచి గోనెసంచి రెండు చేతులా పైకి లాగారు. అది ధారగా నీళ్లు కారుస్తోంది. ఎండు మూల అన్నది ఎక్కడా లేదు. దాన్ని వలలా విప్పి పట్టుకుని, మంట మీదికి నడిచారు.

కురుమమ్మ అడ్డం వచ్చింది.

"వద్దు సారూ! నీళ్లు వద్దు!"

"జరుగు!"

"నీళ్లు పడొద్దు సారూ, మీ కాళ్లు మొక్కుత!"

"పిచ్చా నీకు? జరగమంటున్న గద!"

ఆయన సంచి ఎత్తారు. కురుమమ్మ రెండు అరచేతులూ ఆయన ఛాతీ మీద ఆనించి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క నూకు నూకింది. అరవై నాలుగేళ్ల మనిషి, ఏనాడూ ఎవరూ భుజం మీద చెయ్యి కూడా వేయని మనిషి, వెనక్కి వెళ్లి తడి సంచి మీద ధబ్బున పడ్డారు. ఒంటి కింద పడిన కుడి మణికట్టు కటుక్కుమంది.

"అమ్మా! బయట గ్యాస్ బంద్ చెయ్యుండ్రి! ఉరుకుండ్రి!" అని అరిచింది కురుమమ్మ.

సిలిండర్ షెడ్డు గోడ అవతల ఉంటుంది. పొయ్యి దగ్గరి నాబ్ మంటల వెనక ఉంది, దాని మీద చెయ్యి పెట్టే వీల్లేదు. నళిని పరుగెత్తింది. కురుమమ్మ గోడకు ఆనించిన వెడల్పాటి అల్యూమినియం మూత అందుకుంది. అన్నం వండే పెద్ద గిన్నెది, మూకుడు కన్నా జానెడు ఎక్కువ వెడల్పు. పొడి గుడ్డతో దాని పిడి పట్టుకుని, మొహానికీ మంటకూ మధ్య అడ్డం పెట్టుకుని, తన వైపు అంచు మీద ముందు ఆనించి, మెల్లగా అవతలికి జరిపింది. విసరలేదు, పడేయలేదు, ఇంటి తలుపు వేసినట్టు వేసింది. అంచుల నుంచి నాలుగు నాలుకలు బయటికొచ్చాయి. గ్యాస్ ఆగిపోయింది. నాలుకలు చిన్నవయ్యాయి, నీలమయ్యాయి, లేకుండా పోయాయి. బండ మీద ఒలికిన కాస్త నూనె కాసేపు మండి ఆరిపోయింది.

వాన చప్పుడు మళ్లీ వినబడింది. అప్పటిదాకా వాన ఉందన్న సంగతే ఎవరికీ గుర్తు లేదు.

జగదీశ్వర్ గారు కింద కూర్చునే ఉన్నారు. మంట ఆరిందన్న సంతోషం ఆయన మొహంలో లేదు. "మూత తీసి చూడు ఆరిందో లేదో," అన్నారు, ఇంకా తనే పెద్దమనిషినన్నట్టు.

"తియ్యొద్దు సారూ. నూనె ఇంకా కాగుతనే ఉన్నది. గాలి తగిలితే మళ్ల లేస్తది. మా ఆయన కాలిన నాడు మెస్సుల మూత తీస్తే గట్లనే మళ్ల లేసిందంట."

"నన్ను నూకినవ్," అన్నారాయన. ఆ మాట ఆయన నోటికే వింతగా తోచింది. "నళినీ, చూసినవా? నన్ను నూకింది! రేపటి సంది ఈమె రావొద్దు."

నళిని మొగుడి వైపు చూసింది, మూత వైపు చూసింది. కురుమమ్మను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, కాలిన ముంజేతిని నీటి ధార కింద పెట్టి, ఇరవై నిమిషాలు అక్కడే పట్టుకుని నిలబడింది.

పక్కింటివాళ్లు ఫోన్ చేసినట్టున్నారు, ఫైరింజను వచ్చింది. ముందు దిగిన ఆఫీసరు నాగేందర్ షెడ్డంతా కలియజూశాడు.

"మూత ఎవరు పెట్టిండ్రు?"

"ఈమె," అంది నళిని.

"మస్తు చేసినవక్కా. గంటదాక దాన్ని ముట్టకుండ్రి." అంటూ తిరిగేసరికి, కింద పడి ఉన్న గోనె, పక్కన ఎర్ర బకెట్టు, దాని మీది తెల్ల అక్షరాలు అతని కంటపడ్డాయి. "ఇదేంది?"

"నాదే," అన్నారు జగదీశ్వర్ గారు, వాచిన మణికట్టును పొట్టకు అదుముకుని. "నేనే పెట్టిన. వేసేటోన్నే, ఈమె వెయ్యనియ్యలే."

నాగేందర్ ఆయన వైపు తిరిగాడు. "సార్, మీరు పెద్దవాళ్లు. నోటితో చెప్తే మీరు నమ్మరు. ఎల్లుండి పొద్దుగాల మా స్టేషన్ల హాస్టలోళ్లకు, మెస్సులోళ్లకు ట్రైనింగ్ పెట్టినం. మీరు తప్పకుండ రాండ్రి. ఈ అక్కను కూడా తీసుకరాండ్రి."

మూడో రోజు వాన తెరిపిచ్చింది. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని, ఫైర్ స్టేషన్ ఆవరణలో ముందు వరసలో కూర్చున్నారు జగదీశ్వర్ గారు. నళిని పక్కనే. కురుమమ్మ గోడ వారగా నిలబడింది. ఆ ఫైరింజను కుర్రాళ్లకు తెలియని సంగతులు తనకు ఎన్ని తెలుసో చెబుదామనే ఆయన వచ్చారు, దాపరికమెందుకు.

ఆవరణ మధ్యలో చిన్న ఇనప మూకుడు పెట్టారు. రెండు గరిటెల నూనె. అంతకన్నా లేదు. పొయ్యి మీద అది కాగి, పొగలు కక్కి, చివరికి దానంతట అదే అంటుకుంది. అరచేతంత మంట, అంతే. దీపావళి నాడు పిల్లలు కూడా లెక్కచేయరు. హెల్మెట్టూ, మందపు కోటూ తొడుక్కున్న మనిషి ఒక పొడుగాటి వెదురు కర్ర చివర చిన్న గరిటె కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

"ఆ గరిటెలో చెంచాడు నీళ్లున్నయ్," అన్నాడు నాగేందర్. "ఎవ్వరూ ఆ గీత దాటకుండ్రి."

గరిటె వంగింది.

ధభాలున ఒక మోత. మంట కాదది, అగ్ని స్తంభం! నేల నుంచి రెండో అంతస్తు కిటికీ దాకా నిలువునా లేచి, పైన గొడుగులా విచ్చుకుంది. వేడి మొహానికి కొట్టింది. జనం కుర్చీలు పడదోసుకుని వెనక్కి తగ్గారు. ఎవరో "అమ్మో!" అన్నారు. ఒక్క గుటక మింగేంత సేపు, అంతే, మళ్లీ అది అరచేతంత మంట అయిపోయి ఏమీ ఎరగనట్టు మండుతోంది. మనిషి మూత జరిపాడు, ఆరిపోయింది.

జగదీశ్వర్ గారు కుర్చీలోంచి లేవలేదు.

"నూనె కన్నా నీళ్లు బరువు," నాగేందర్ చెబుతున్నాడు. "నూనెల పడంగనే అడుక్కు పోతయ్. అక్కడ వేడికి ఒక్క క్షణంల ఆవిరైపోతయ్. చెంచాడు నీళ్లు బిందెడు ఆవిరైతది. అది మీదున్న మండే నూనెను తుంపర్లు తుంపర్లు చేసి పైకి విసిరేస్తది. తడి గోనె గ్యాస్ మంటకు పనికొస్తది, సిలిండర్ మీద కప్పొచ్చు. నూనె మంట మీద వేస్తే చావే. నూనె మంటకు గ్యాస్ బంద్, మీద మూత, చల్లారేదాక ముట్టొద్దు. మూత పెట్టలేకపోతే బయటికి ఉరికి మాకు ఫోన్ చెయ్యుండ్రి."

చెంచాకు బిందె. జగదీశ్వర్ గారి బుర్ర ఇంక ఆగలేదు. తన గోనెసంచి ఎన్ని నీళ్లు పీలుస్తుందో ఆయనకు తెలుసు. గొప్పగా కొలిచి మరీ పెట్టుకున్నారు, మూడు లీటర్లు. మూడు లీటర్లంటే? ఎన్ని బిందెలు? మేడల మీద నల్లటి నీళ్ల ట్యాంకులుంటాయే, అలాంటివి ఐదు. ఐదు ట్యాంకుల ఆవిరి, రెండు గరిటెల మీద కాదు, నిండు మూకుడు మీద, ఆ రేకుల కప్పు కింద. తను, తన పక్కన నోరు తెరుచుకు నిలబడ్డ నళిని, ఎదురుగా కురుమమ్మ.

అప్పుడు ఇంకొకటి తోచింది. అది అంతకన్నా ఘోరంగా తోచింది.

ఈదయ్య.

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లారు. "కురుమమ్మా... ఆ రోజు... మెస్సుల... సంచి తడిసిందా?"

కురుమమ్మ తల దించుకుంది. "మస్తు తడిసింది సారూ. మంటారినంక ఆ సంచిని మెస్సు బయట పడేసిండ్రు. నేనే చూసిన. పైన బొగ్గయింది గానీ, లోపలి మడతలల్ల ఇంకా నీళ్లే. పిండితే కారినయ్."

"మరి నాకు ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె సారూ? మీరు చదువుకున్నోళ్లు. నాకు ఎందుకైందో ఎరుక లేదు, నీళ్లు పడితే లేసిందని ఒక్కటే ఎరుక. నా పెనిమిటికే చెప్పిన. నువ్వు మంచిగనే తడిపినవయ్యా, తప్పు నీది గాదు అని మస్తు సార్లు చెప్పిన. వినడు. సారు చెప్పిండు గద, సారుకు తెల్వదా అంటడు." ఆమె తల ఎత్తింది. "నా మాటతోని పోదు సారూ. మీరన్న మాట మీరే తీసెయ్యాలె."

చెంప పగలగొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. ఆయనకు బత్తాయిలు గుర్తొచ్చాయి. ఆ మంచం గుర్తొచ్చింది. కట్లు కట్టిన చేతులతో ఒక మనిషి సరేనని తలాడించడం గుర్తొచ్చింది. ఛీ! ఎన్ని చోట్ల చెప్పాడు తను ఆ కథ! ఎంత నవ్వుతూ చెప్పాడు!

"నళినీ," అన్నారు. "ఆరు చోట్లకూ ఫోన్ చెయ్యి. బకెట్లు ఇప్పుడే బయట పారబోయమను. ఏమంటరో అననియ్యి. నేనే తప్పు చెప్పిన్నని చెప్పు."

నళిని అప్పటికే ఫోన్ తీసింది. మొగుడి నోట 'నేనే తప్పు' అన్న మాట ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె వినడం అదే మొదలు. కానీ ఆ సంగతి ఎత్తి దెప్పే రోజు కాదని ఆమెకు తెలుసు.

నారాయణగూడలో ఆ అపార్ట్‌మెంటు మెట్ల కింద ఈదయ్య గది. జగదీశ్వర్ గారు కురుమమ్మ వెంట తలుపు దగ్గరికి వచ్చేసరికి, ఈదయ్య రేకు కుర్చీలోంచి గబుక్కున లేచి, ముడుచుకుపోయిన వేళ్లతోనే నమస్కారం పెట్టాడు. అరచేతులు కలవలేదు.

"సారూ! చెయ్యి ఎట్లుంది సారూ? మా ఆడది తప్పు చేసింది, మిమ్ముల నూకిందంట, నేను మస్తు తిట్టిన. మాఫ్ చెయ్యుండ్రి సారూ."

జగదీశ్వర్ గారి చూపు ఈదయ్య మీద లేదు. గదిలో మూల చిన్న పొయ్యి ఉంది. పొయ్యి పక్కన పాత పెయింటు డబ్బా ఉంది. డబ్బాలో నీళ్లు, నీళ్లలో గోనెసంచి. ఒక్క మూల కూడా పైకి తేలకుండా దాని మీద నాలుగు రాళ్లు పేర్చి ఉన్నాయి.

ఈదయ్య ఆయన చూపు గమనించి, కాస్త సిగ్గుగా, కాస్త గొప్పగా నవ్వాడు. "మీరు చెప్పిండ్రు గద సారూ. దినాం పొద్దున, సాయంత్రం తిప్పి తిప్పి నానపెడుత. ఈసారి ఎండు మూల ఉండదు. ఈసారి తప్పు చెయ్య."

జగదీశ్వర్ గారు గుమ్మంలోనే కూలబడ్డారు. పెద్దమనిషి, తెల్ల చొక్కా, అందరూ తిరిగే మెట్ల దారి. అవేవీ గుర్తు లేవు. ఈదయ్య కంగారు పడి పట్టుకోబోతే, ఆ వంకర వేళ్లను ఎడమ చేత్తో పట్టుకుని వదల్లేదు.

"ఈదయ్యా, సంచి తడిసింది. మొత్తం తడిసింది. తడిసినందుకే కాలినవ్. నూనె మంట మీద నీళ్లు పడొద్దు. నాకు తెల్వదు. తెల్వకుండనే చెప్పిన. మంచంల పడుకున్నోనివి, నీదే తప్పని నీ మొకం మీద చెప్పిన. తప్పు నాది. నీ చేతులు నేనే కాల్చిన."

ఈదయ్యకు కోపం వస్తుందేమో, తిడతాడేమో, కొడితే బాగుండునని కూడా అనుకున్నారు జగదీశ్వర్ గారు. ఈదయ్య భార్య వైపు చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ, అవునని తలూపింది. అతను మళ్లీ సారు వైపు తిరిగాడు.

"సారూ, జర మళ్లొకసారి చెప్పుండ్రి."

"తప్పు నాది ఈదయ్యా."

"అది గాదు సారూ. ముందుగాల చెప్పింది. సంచిది."

"సంచి మొత్తం తడిసింది."

ఈదయ్య వంగి డబ్బాలోని రాళ్లు ఒక్కొక్కటే మణికట్లతో తీసి పక్కన పెట్టాడు. సంచిని పైకి ఎత్తబోయాడు. వేళ్లు పట్టవు, జారిపోయింది. జగదీశ్వర్ గారు తన ఎడమ చెయ్యి ఇచ్చారు. ఇద్దరూ కలిసి దాన్ని లేపి, నీళ్లు కారుతుంటే మోరీ దాకా ఈడ్చుకెళ్లి పడేశారు. ఈదయ్య ఆ కాలిన చేతులను తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఏడాది తర్వాత మొదటిసారి అవి తనవే అన్నట్టు.

"అయితే నేను మంచిగనే తడిపిన," అన్నాడు.